అడగకుండా అతుక్కుపోయే వైఫై

ఫోన్ పైభాగాన విసనకర్ర ఆకారంలో కనిపించే చిన్న గుర్తు ఒక్క సంగతే చెబుతుంది: ఏదో ఒక వైఫైకి కనెక్ట్ అయి ఉన్నామని. అది ఎవరి వైఫై అన్నది మాత్రం చెప్పదు. హాల్లో మన రూటర్ లైట్లు వెలుగుతున్నాయి, ఫోన్‌లో గుర్తు ఉంది, కాబట్టి మన నెట్టే వాడుతున్నామని ఎవరైనా అనుకుంటారు. నెట్ మరీ నెమ్మదిగా ఉందని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, మెకానిక్ వచ్చి చూసి "లైన్ బాగానే ఉందండీ" అని వెళ్లిపోయాక కూడా తెగని గొడవల్లో కొన్నింటికి మూలం ఇదే. ఫోన్ ఆ సమయంలో మన నెట్‌లో లేదు. ఎప్పుడో అవసరం కొద్దీ పాస్‌వర్డ్ అడిగి కలుపుకొన్న ఇంకొకరి నెట్‌లో ఉంది.

విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. కింద ఇంటివాళ్లు ఉంటారు, రెండో అంతస్తులో అద్దెకు దిగిన కుటుంబం. దిగిన కొత్తలో ఇంకా ఫైబర్ కనెక్షన్ రాలేదు, పిల్లాడికేమో ఆన్‌లైన్ పరీక్ష. "ఆంటీ, మా కనెక్షన్ వచ్చేదాకా మీ వైఫై కాస్త వాడుకోమంటారా?" అని ఆ ఇల్లాలు అడిగింది. "దానికేముందమ్మా, రాసుకో" అని పాస్‌వర్డ్ చెప్పారు ఇంటావిడ. వారం తిరక్కుండా సొంత కనెక్షన్ వచ్చేసింది. కింది పాస్‌వర్డ్ సంగతి అందరూ మరచిపోయారు, ఫోన్ ఒక్కటి తప్ప. ఆ తర్వాత నుంచి సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి రాగానే ఒకటే తంతు. వాట్సాప్ కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. పాలవాడికి డబ్బు పంపబోతే యూపీఐ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే ఇంట్లో, అదే సోఫాలో కూర్చున్న భర్త ఫోన్‌లో మాత్రం సినిమా నదురుబెదురు లేకుండా ఆడుతుంటుంది. ఆయన ఫోన్‌కు కింది పాస్‌వర్డ్ ఎప్పుడూ ఇవ్వలేదు మరి.

ఫోన్ ఇలా ఎందుకు చేస్తుందో తెలియాలంటే, అది వైఫైని ఎలా గుర్తుపెట్టుకుంటుందో చూడాలి. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయితే ఫోన్ ప్రధానంగా మూడు వివరాలు దాచుకుంటుంది: నెట్‌వర్క్ పేరు, దాని భద్రతా పద్ధతి, పాస్‌వర్డ్. వీటికి తోడు, ఈ పేరు మళ్లీ కనిపిస్తే నన్ను అడగకుండానే కనెక్ట్ అవ్వు అనే అనుమతి కూడా దానంతటదే చేరిపోతుంది. ఆ అనుమతి మనం ఇచ్చినట్టు మనకే గుర్తుండదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. మరోపక్క ప్రతి రూటరూ సెకనుకు దాదాపు 10 సార్లు తన పేరును చుట్టుపక్కలకు ప్రకటిస్తూనే ఉంటుంది. ఫోన్ అప్పుడప్పుడూ ఆ ప్రకటనలు విని, తన జాబితాలో ఉన్న పేరేదైనా వినపడితే వెళ్లి చేరిపోతుంది.

జాబితాలో ఉన్న పేర్లు ఒకేసారి రెండు మూడు వినపడితే ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఐఫోన్ మన అలవాట్లను లెక్కలోకి తీసుకుంటుంది. మనం చేత్తో ఎంచుకున్న పేరుకు విలువ పెంచుతుంది, చేరిన వెంటనే వదిలేసిన దానికి తగ్గిస్తుంది. ఆండ్రాయిడ్ సిగ్నల్ బలం, అది ఏ బ్యాండ్‌లో వస్తోంది, ఈ మధ్య మనమే దాన్ని ఎంచుకున్నామా అన్నవి చూస్తుంది. లెక్క ఏదైనా, విజయవాడ ఇంట్లో అసలు చిక్కు ఎంపిక దగ్గర లేదు. అది గేటు దగ్గర ఉంది.

ఆమె గేటు తీసి లోపలికి అడుగుపెట్టిన క్షణానికి ఫోన్‌కు బలంగా వినపడేది కింది ఇంటి రూటర్ ఒక్కటే. రెండో అంతస్తులోని సొంత రూటర్ రెండు స్లాబుల పైన ఉంది, ఇంకా అందలేదు, అందినా పీలగా ఉంటుంది. ఫోన్ కింది నెట్‌లో చేరిపోతుంది. ఆమె మెట్లెక్కుతుంది, ఫోన్ ఆ నెట్‌ను పట్టుకునే ఎక్కుతుంది. ఇంట్లోకి వచ్చాక సొంత నెట్ నిండు గీతలతో పక్కనే ఉన్నా, పట్టుకున్నది పూర్తిగా తెగిపోనంతవరకు దాన్ని వదిలి వేరే పేరుకు మారడానికి ఫోన్లు సాధారణంగా తొందరపడవు. ఊరికే అటూ ఇటూ మారుతుంటే నడుస్తున్న కాల్, డౌన్‌లోడ్ తెగిపోతాయి కాబట్టి ఆ నిదానం కావాలనే పెట్టింది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కాసేపటికి మెరుగైన దానికి మారతాయి. అన్నీ మారవు, వెంటనే అయితే అసలే మారవు.

రెండు స్లాబుల అడుగు నుంచి వచ్చేది తెగిపోదు కూడా. రూటర్లు రెండు బ్యాండ్ల మీద ప్రసారం చేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగంగా ఉంటుంది గాని గోడలు దాటడంలో బలహీనం. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువే అయినా గోడల్లోంచి, స్లాబుల్లోంచి దూరి వస్తుంది. పైదాకా వచ్చేది ఈ రెండోదే. ఒకటీ రెండూ గీతలతో, పోకుండా, పనికీ రాకుండా ఉంటుంది.

అంత అధ్వానంగా ఉంటే ఫోన్ మొబైల్ డేటాకు ఎందుకు మారదు? దీనికీ కారణముంది. కొత్తగా వైఫైలో చేరినప్పుడు, ఇంటర్నెట్ నిజంగా వస్తోందా అని ఫోన్ ఒక చిన్న పరీక్ష చేస్తుంది. ఆండ్రాయిడ్ గూగుల్ వాళ్ల ఒక చిరునామాను పలకరించి, ఏ విషయమూ లేని ఖాళీ జవాబు కోసం చూస్తుంది. ఐఫోన్ ఆపిల్ వాళ్ల చిరునామాను పలకరిస్తుంది. ఆశించిన జవాబు వస్తే వైఫై బాగున్నట్టు లెక్క, ఇక అప్లికేషన్లన్నీ ఆ దారిన వెళ్లాల్సిందే. ఈ జవాబు కొన్ని అక్షరాలకు మించదు, ఎంత బలహీనమైన సిగ్నల్ మీదైనా వచ్చేస్తుంది. పైగా మన యజమానురాలు గేటు దగ్గర, సిగ్నల్ నిండుగా ఉన్న చోట ఈ పరీక్ష జరిగిపోయింది! ఐఫోన్‌లో Wi-Fi Assist అనీ, సామ్‌సంగ్‌లో Switch to mobile data అనీ ఇలాంటప్పుడు మొబైల్ డేటాను వాడుకునే సదుపాయాలున్నాయి. అవి కొంత ఆదుకుంటాయి గాని, పక్కనే ఉన్న మన వైఫైకి మార్చడం వాటి పని కాదు. మారితే ఖర్చయ్యేది మన డేటాయే.

కాబట్టి నెట్ నెమ్మదించినప్పుడు రూటర్ ఆపి వేయడానికి ముందు చేయాల్సింది, సెట్టింగుల్లో వైఫై పేజీ తెరిచి అక్కడ టిక్కుతోనో, Connected అనే మాటతోనో ఉన్న పేరు చదవడం. అది మన పేరైతే ఈ వ్యాసం మీ సమస్యకు మందు కాదు, తప్పు లైనులోనో రూటర్‌లోనో వెతకాలి. వేరే పేరైతే దొంగ దొరికినట్టే. అనుమానం మిగిలితే మన నెట్ పేరు మీద ఒకసారి నొక్కి, అదే సోఫాలో కూర్చుని అదే కాల్ మళ్లీ చేసి చూడండి. ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇక విరుగుడు. ఇక్కడ చాలామంది రెండు దారులు తొక్కుతారు, రెండూ సగం పనిచేస్తాయి.

మొదటిది, తెర పైనుంచి లాగి వైఫై బొమ్మను నొక్కి ఆపడం. ఐఫోన్‌లో ఈ కంట్రోల్ సెంటర్ బొమ్మ వైఫైని నిజంగా ఆపదు. ఉన్న కనెక్షన్‌ను తెంపి, దగ్గర్లోని నెట్‌వర్క్‌లకు తనంతట తాను కలవడాన్ని రేపటిదాకా వాయిదా వేస్తుంది. తెల్లవారుజామున 5 గంటలకు, లేదా మనం వేరే చోటికి వెళ్లగానే, లేదా ఫోన్ ఆపి మళ్లీ వేయగానే ఆ వాయిదా ముగుస్తుంది. రాత్రి కసిగా ఆపి పడుకున్నవాళ్లు పొద్దున్నే మళ్లీ కింది ఇంటి నెట్‌లో లేవడానికి కారణం ఇదే. ఆండ్రాయిడ్‌లో వైఫై నిజంగానే ఆగుతుంది. అయితే చాలా ఫోన్లలో, తెలిసిన మంచి నెట్‌వర్క్ దగ్గరకు రాగానే వైఫైని దానంతటదే వేసే సదుపాయం ఉంటుంది. దాని పేరు Turn on Wi-Fi automatically. ఇవన్నీ అలా ఉంచి, వైఫై మొత్తాన్ని ఆపితే మన సొంత నెట్ కూడా పోతుంది. కింది ఇంటి మీద కోపంతో మన ఇంటి కరెంటు తీసేసుకోవడమే అది.

రెండోది Forget నొక్కడం, అంటే ఆ నెట్‌వర్క్‌ను ఫోన్ జాబితాలోంచి చెరిపేయడం. ఇది ఖాయంగా పనిచేస్తుంది, కాని పాస్‌వర్డ్‌ను కూడా పట్టుకుపోతుంది. ఏ వానాకాలం రాత్రో మన ఫైబర్ తెగి, కింది నెట్ మళ్లీ అవసరమైతే మెట్లు దిగి అడగాలి. ఆంటీ గారికి గుర్తుండదు, ఆ నెట్ పెట్టించిన కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఆపిల్ పరికరాలు రెండు మూడు ఉన్నవాళ్లకు ఇంకో తిరకాసు. ఐక్లౌడ్ కీచెయిన్ వాడుతుంటే, ఐఫోన్‌లో చెరిపిన నెట్‌వర్క్ అదే ఖాతాతో ఉన్న ఐప్యాడ్‌లోంచి, మ్యాక్‌లోంచి కూడా చెరిగిపోతుంది. ఫోన్‌లో వద్దనుకుని ల్యాప్‌టాప్‌లో కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

కావలసింది వీటి మధ్య ఉంది. పాస్‌వర్డ్ ఫోన్‌లోనే ఉండాలి, అడగకుండా చేరే అనుమతి మాత్రం ఆ ఒక్క పేరుకు పోవాలి. మిగతా నెట్‌వర్క్‌లు ఎప్పటిలాగే దొరికిన వెంటనే కలవాలి. ఐఫోన్‌లో దీనికి Auto-Join అనే స్విచ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో దాన్ని Auto-connect అంటారు, సామ్‌సంగ్ వాళ్లు Auto reconnect అని పెట్టుకున్నారు.

ఐఫోన్‌లో Settings తెరిచి Wi-Fi లోకి వెళ్లండి. వద్దనుకున్న పేరు పక్కన నీలంరంగు వలయంలో i అనే అక్షరం ఉంటుంది. పేరు మీద కాకుండా ఆ అక్షరం మీద నొక్కాలి, ఎందుకంటే పేరు మీద నొక్కితే కనెక్ట్ అవుతుంది. తెరుచుకున్న పేజీలో Auto-Join ఎదురుగా ఉన్న ఆకుపచ్చ స్విచ్‌ను ఆఫ్ చేయండి. అంతే, సేవ్ చేయమనే బటన్ ఏదీ ఉండదు. మెట్ల దగ్గరో గేటు దగ్గరో, ఆ నెట్ సిగ్నల్ అందుతున్న చోట నిలబడి చేస్తే పేరు జాబితాలో కళ్లముందే ఉంటుంది. అందని చోట నుంచి చూడాలంటే 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఒక దారి ఉంది. వైఫై పేజీ పై మూలన Edit నొక్కితే, ముఖమో పాస్‌కోడో అడిగి, ఇన్నాళ్లూ ఫోన్ దాచుకున్న పేర్లన్నీ చూపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. మూడేళ్ల కిందట అన్నవరంలో దిగిన లాడ్జి, మానేసిన ఆఫీసు, మేనమామ ఇల్లు, ఎవరిదో పెళ్లిలో ఫొటోగ్రాఫర్ ఫోన్ హాట్‌స్పాట్ అన్నీ అందులో ఉంటాయి.

అదే వైఫై పేజీ అడుగున Ask to Join Networks అని ఇంకో మాట కనిపిస్తుంది, చాలామంది పొరపాటున దాన్ని మార్చి పని అయిపోయిందనుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. అది ఫోన్‌కు తెలియని కొత్త నెట్‌వర్క్‌ల విషయంలో మనల్ని అడగాలా వద్దా అన్నది మాత్రమే తేలుస్తుంది. తెలిసిన వాటికి ఫోన్ యథావిధిగా కలుస్తూనే ఉంటుంది, ఆ మాట అక్కడే సన్నని అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. దాని కిందనున్న Auto-Join Hotspot కూడా వేరే సంగతి. అది వైఫై లేనప్పుడు దగ్గర్లోని ఇంటివాళ్ల ఫోన్ హాట్‌స్పాట్‌ను వెతుక్కోవడం గురించి.

ఆండ్రాయిడ్‌లో 2020లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఈ స్విచ్ మామూలుగా దొరుకుతుంది. పిక్సెల్ లాంటి ఫోన్లలో Settings లో Network & internet, అందులో Internet తెరిచి, కనెక్ట్ అయి ఉన్న పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే Auto-connect కనిపిస్తుంది. సిగ్నల్ అందని పేర్లు అదే పేజీ కింద Saved networks లో ఉంటాయి. సామ్‌సంగ్‌లో Settings, Connections, Wi-Fi వరుసలో వెళ్లి పళ్లచక్రం నొక్కితే Auto reconnect ఉంటుంది. కనెక్ట్ అయి లేని పేరు కావాలంటే వైఫై పేజీ పై మూలన మూడు చుక్కలు నొక్కి, Advanced అని ఉన్న పేజీలో Manage networks చూడాలి. మిగతా కంపెనీలు తమ ఇష్టప్రకారం మెనూలు అమర్చుకుంటాయి కాబట్టి దారి కొద్దిగా తేడాగా ఉండవచ్చు. నెట్‌వర్క్ పేరుతో తెరుచుకునే వివరాల పేజీని పట్టుకుంటే చాలు, auto అనే మాట ఉన్న స్విచ్ అక్కడే ఉంటుంది. ఫోన్ మరీ పాతదై, వెతికినా ఆ స్విచ్ లేకపోతే Forget ఒక్కటే గతి. అప్పుడు ముందుగా పాస్‌వర్డ్‌ను పుస్తకంలో రాసుకుని చెరపండి.

స్విచ్ ఆపగానే ఏమీ జరగదు. కనెక్షన్ తెగిపోదు, గుర్తు మారదు. ఇది పనిచేయలేదని మళ్లీ మళ్లీ నొక్కుతూ కొందరు దాన్ని తిరిగి ఆన్ చేసేస్తారు. ఆ స్విచ్ ఇకముందు కలవబోయే సమయానికి సంబంధించింది, ఇప్పుడున్న కనెక్షన్‌ను అది ముట్టుకోదు. అందుకే స్విచ్ ఆపాక వెనక్కి వచ్చి మన సొంత నెట్ పేరు మీద ఒకసారి నొక్కాలి, ఫోన్ అటు మారుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. ఫోన్ పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్లి, రెండు నెట్‌వర్క్‌లూ పోయాక తిరిగి రండి. గేటు దగ్గర వైఫై గుర్తు రాకూడదు, మొబైల్ డేటాయే ఉండాలి. మెట్లెక్కి పైకి చేరాక మన పేరుతో గుర్తు రావాలి.

విజయవాడ ఇల్లాలు ఇదంతా వరుసగా చేసింది. అయినా గేటు దగ్గర గుర్తు వచ్చేసింది! ఆమె విసుక్కుని Forget నొక్కేయబోయింది గాని, అంతకుముందు పేరు చదవడం మేలైంది. కలిసిన పేరు ఆమె ఆపింది కాదు, దాని తోబుట్టువు. ఫైబర్ కంపెనీలు బిగించే చాలా రూటర్లు రెండు బ్యాండ్లనూ రెండు పేర్లతో ప్రసారం చేస్తాయి. ఒకటి మామూలు పేరైతే, రెండోది అదే పేరు చివర 5G అని తగిలించుకుంటుంది. ఈ 5G కి మొబైల్ కంపెనీల 5G తో ఏ చుట్టరికమూ లేదు, అది 5 గిగాహెర్ట్జ్ అన్న గుర్తు. ఆన్‌లైన్ పరీక్ష రోజున పిల్లాడు కింద కూర్చుని ఆ రెండో పేరుకు కూడా పాస్‌వర్డ్ కొట్టాడు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే కాబట్టి. ఫోన్ దృష్టిలో పేరు వేరైతే నెట్‌వర్క్ వేరే. దేని అనుమతి దానిదే, దేని స్విచ్ దానిదే. గేటు దగ్గర 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నిక్షేపంగా అందుతుంది, ఫోన్ అందులో చేరిపోయింది. ఆ రెండో పేరుకూ స్విచ్ ఆపాక వీధి చివరిదాకా నడక మళ్లీ చేస్తే, ఈసారి ఫోన్ గేటు దాటి, మొదటి అంతస్తు దాటి, తన ఇంటి తలుపు దగ్గర గాని కలవలేదు.

ఇదే సూత్రం తిరగబడితే ఒక పరిమితి తేలుతుంది. పేరు వేరైతే వేరే నెట్‌వర్క్ అయినట్టే, పేరు ఒకటైతే రెండు పెట్టెలున్నా ఫోన్‌కు ఒకే నెట్‌వర్క్. ఇల్లు పెద్దదని హాల్లో రూటర్, వెనక గదిలో ఎక్స్‌టెండర్ పెట్టి, రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. పడకగదిలో ఫోన్ పక్కనున్న ఎక్స్‌టెండర్‌ను వదిలి హాల్లోని రూటర్‌నే పట్టుకు వేలాడితే, ఈ స్విచ్‌తో దాన్ని విడదీయలేరు. ఆపితే రెండూ ఆగిపోతాయి. అక్కడ కావలసింది ఎక్స్‌టెండర్‌కు వేరే పేరు పెట్టడం, లేదా ఆ పెట్టెల స్థానం మార్చడం. స్విచ్ ఈ ఫోన్‌కే పరిమితమన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇల్లాలి ఫోన్‌లో ఆపినంత మాత్రాన పిల్లాడి ట్యాబ్ ఊరుకోదు. పాస్‌వర్డ్ ఎవరెవరి పరికరాల్లో కొట్టారో వాటన్నిటిలో విడివిడిగా ఆపాలి.

ఫైబర్ తెగిన రాత్రి వచ్చినప్పుడు, వైఫై పేజీలో కింది ఇంటి పేరు మీద నొక్కితే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా కలుస్తుంది. స్విచ్ ఆపింది ఫోన్ చొరవను, మన చేతిని కాదు. అలా చేత్తో కలిపిన తర్వాత స్విచ్ ఆఫ్‌లోనే ఉందా అని వివరాల పేజీలో ఓసారి చూసుకోవడం నయం. ఎప్పుడైనా ఆ పేరును Forget చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి కలిపినా, ఫోన్ బాగుచేయించేటప్పుడు నెట్‌వర్క్ సెట్టింగులు మొత్తం రీసెట్ చేసినా ఈ ఏర్పాటు చెరిగిపోతుంది. కొత్తగా చేర్చిన పేరుకు అనుమతి మళ్లీ ఆన్‌తోనే మొదలవుతుంది.

పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ల విషయం వేరు. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ నడిపే రైల్‌వైర్ లాంటివి, హోటళ్లలోవి, షాపింగ్ మాళ్లలోవి చాలావరకు ఎవరైనా కలవగలిగేలా తెరిచే ఉంటాయి. కలిశాక ఒక పేజీ తెరుచుకుని ఫోన్ నంబర్ అడుగుతుంది, ఓటీపీ కొట్టాక నెట్ వస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్లో ఒకసారి వాడుకుంటే, ఆ తర్వాత ఏ ఊరి స్టేషన్లో దిగినా అదే పేరు వినపడి ఫోన్ అందులో చేరి కూర్చుంటుంది. ఓటీపీ పూర్తిచేయని ఆ స్థితిలో, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఆటో బుక్ చేయబోయేవాళ్లకు చికాకు మిగులుతుంది.

చికాకుకు మించిన కారణం ఇంకొకటి ఉంది. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్ పేరును ఎవరైనా అనుకరించినా, పాస్‌వర్డ్ తెలియకపోతే మన ఫోన్ వాళ్లతో కలవడం కుదరదు. కలిసేటప్పుడు ఆ రహస్యం రెండు వైపులా ఉందో లేదో ఫోన్ సరిచూస్తుంది. తెరిచి ఉన్న నెట్‌వర్క్‌కు అలాంటి సరిచూపు లేదు, పేరు కుదిరితే చాలు. ఎవరైనా తన ఫోన్ హాట్‌స్పాట్‌కు స్టేషన్ వైఫై పేరో, మాల్ వైఫై పేరో పెట్టి పక్కన కూర్చుంటే, ఆ పేరును దాచుకున్న ఫోన్లు జేబుల్లో ఉండగానే అతనితో కలిసిపోగలవు. బ్యాంకు అప్లికేషన్లు, యూపీఐ తమ సమాచారాన్ని విడిగా గూఢలిపిలో పంపుతాయి కాబట్టి డబ్బు ఇట్టే పోతుందని కాదు. కాని మన ఫోన్ ఏ సైట్ల వైపు వెళుతోందో అతనికి కొంత తెలుస్తుంది, ఓటీపీ పేజీలా కనిపించే దొంగ పేజీని మన ముందు పెట్టడానికి అతనికి దారి దొరుకుతుంది.

అందుకని తెరిచి ఉన్న పేర్ల దగ్గర మాత్రం నేను స్విచ్ కంటే Forget వైపే మొగ్గుతాను. అక్కడ పోగొట్టుకోవడానికి పాస్‌వర్డే లేదు. మళ్లీ కావాలంటే స్టేషన్లో దిగాక పేరు నొక్కి, ఓటీపీ కొట్టుకోవడమే. రైలెక్కే ముందు చెరిపేసే అలవాటు లేనివాళ్లు, ఐఫోన్‌లో Edit, ఆండ్రాయిడ్‌లో Saved networks తెరిచి, పాస్‌వర్డ్ లేని పేర్లను ఒక్కసారి కూర్చుని తీసేస్తే సరిపోతుంది.